1/2 + 1/3 = 2/5 అని రాసే తరగతిలో ఆ తప్పునే పాఠంగా నడిపే తీరు

ప్రశ్న: ఆరో తరగతికి లెక్కలు చెబుతాను, 38 మంది పిల్లలు. క.సా.గు. తీసి, హారాలు సమానం చేసి కూడటం వారం రోజులు నేర్పాను. స్లిప్ టెస్టులో బాగానే చేశారు. నెల తిరక్కుండా సగం మంది మళ్లీ 1/2 + 1/3 = 2/5 అంటున్నారు. పిల్లల తప్పులతోనే పాఠం మొదలుపెట్టి చర్చ చేయించమని ట్రైనింగులో చెప్పారు గానీ, ఒక్క పీరియడ్‌లో అది ఎలా నడుస్తుందో చూపించలేదు. తప్పు లెక్కను బోర్డు మీద రాస్తే అదే వాళ్ల బుర్రలో ఉండిపోదా అన్న భయం కూడా ఉంది.

సమాధానం:

ముందు ఒకటి చూసుకోండి. ఈ నెలలో భిన్నాల గుణకారం మొదలుపెట్టారా? పెట్టి ఉంటే సగం కారణం అక్కడే ఉంది. గుణకారంలో పైవి పైవి, కిందివి కిందివి గుణిస్తే సరిపోతుంది. అంత తేలికైన పద్ధతి దొరికాక పిల్లలు దాన్ని కూడికలోకీ లాక్కొస్తారు. గుణకారం ఇంకా మొదలుపెట్టకపోయినా ఈ తప్పు వస్తుంది. ఎందుకంటే చాలామంది పిల్లల కంటికి 1/2 అనేది ఒక సంఖ్య కాదు, గీతకు పైన ఒకటి, కింద ఒకటి ఉన్న రెండు సంఖ్యలు. రెండు సంఖ్యల్ని ఇచ్చి కూడమంటే రెండు కూడికలు చేసి పెట్టారు. క.సా.గు. పద్ధతి ఈ చూపును మార్చదు, దాని మీద ఒక కొత్త విధానాన్ని పరుస్తుందంతే. విధానం మరుపుకొచ్చిన రోజున కిందనున్న పాత చూపు మళ్లీ తేలుతుంది. కాబట్టి అదే విధానం ఇంకో వారం నేర్పితే ఇంకో నెలకు మళ్లీ ఇక్కడికే వస్తారు.

మనం చదివే తీరు కూడా ఈ చూపును పెంచుతోంది. క్లాసులో 3/4ని ‘మూడు బై నాలుగు’ అంటాం. ఆ మాటలో మూడూ నాలుగూ రెండూ ఒకే హోదాలో వినిపిస్తాయి. అదే సంఖ్యను బజారులో ముప్పావు అంటాం, అంటే మూడు పావులు. పావు అన్నది ముక్క పేరు, మూడు అన్నది ఆ ముక్కలెన్నో చెప్పే లెక్క. హారం అంటే పేరు, లవం అంటే లెక్క అన్న సంగతి మన భాష ముందే చెప్పి పెట్టింది. ఈ పాఠం జరిగే రోజు మటుకు ‘బై’ అన్న మాట పక్కన పెట్టి ఒక సగం, రెండు మూడోవంతులు, మూడు పావులు అని చదవండి, చదివించండి. దీని అవసరం పాఠం మధ్యలో తెలుస్తుంది.

ముందు రోజు పీరియడ్ చివరి ఎనిమిది నిమిషాల్లో ఒక చీటీ రాయించండి. మూడే ప్రశ్నలు. మొదటిది 1/2 + 1/3 ఎంత, ఎలా చేశావో ఒక వాక్యం రాయి. రెండోది: అరకిలో ఉల్లిపాయలు, పావుకిలో టమాటాలు ఒకే సంచిలో వేస్తే సంచిలో ఎంత బరువుంది? మూడోది: 12/13 + 7/8 కచ్చితంగా చేయొద్దు, జవాబు 1, 2, 19, 21 వీటిలో దేనికి దగ్గరగా ఉంటుందో చెప్పు. ఈ మూడో ప్రశ్న చాలా పాతది. 1978లో అమెరికా జాతీయ స్థాయి పరీక్షలో 13 ఏళ్ల పిల్లలను అడిగారు. 12/13 దాదాపు ఒకటి, 7/8 దాదాపు ఒకటి, కలిపితే రెండుకు దగ్గర. అంతే లెక్క. అయినా 2 అన్నవాళ్లు 24 శాతమే. 19 అన్నవాళ్లూ 21 అన్నవాళ్లూ కలిపితే సగం దాటారు. పైవి కూడితే 19, కిందివి కూడితే 21, కాబట్టి ఆ రెండూ ఎక్కడి నుంచి వచ్చాయో వేరే చెప్పక్కర్లేదు. మీ పిల్లలొక్కరే ఇలా ఉన్నారని అనుకోకండి.

చీటీలను మార్కులేయకుండా కుప్పలుగా వేరు చేయండి. 38 చీటీలకు పావుగంట చాలు. మొదటి ప్రశ్నకు 2/5 అన్నవి ఒక కుప్ప. 2/6 అన్నవి ఇంకో కుప్ప, ఇది కచ్చితంగా ఉంటుంది. హారాలను 6 చేయాలని గుర్తుంది గానీ లవాలను మార్చకుండా 1/6 + 1/6 అని రాసినవాళ్లు వీళ్లు. పైకి రెండూ తప్పులే గానీ తేడా ఉంది. 2/5 రాసినవాడికి హారం అంటే కూడాల్సిన ఇంకో సంఖ్య. 2/6 రాసినవాడికి హారాలు ఒకటి కావాలని తెలుసు, అయితే ముక్క చిన్నదైతే ముక్కల లెక్క పెరగాలని తెలియదు. 5/6 అన్నవి మూడో కుప్ప. ఇందులోనే మూడో ప్రశ్నకు 19 అనో 21 అనో రాసిన చీటీలను విడిగా తీసి పెట్టండి. విధానం చేతికి వచ్చి భిన్నం పరిమాణం మనసుకు రాని పిల్లలు వీళ్లే. వచ్చే నెల 2/5 రాయబోయేది కూడా వీళ్లే. మీ స్లిప్ టెస్టు వీళ్లను పట్టుకోలేకపోయింది.

రెండో ప్రశ్నకు మాత్రం చాలామంది ముప్పావుకిలో అని రాసి ఉంటారు. మొదటి దాంట్లో 2/5 రాసినవాళ్లు కూడా. పాఠం మొత్తం ఈ రెండు జవాబుల మధ్య ఉన్న గొడవ మీద నడుస్తుంది.

ఇక పాఠం. పీరియడ్ 45 నిమిషాలు అనుకుందాం. పిల్లలు వచ్చేసరికి బోర్డు మీద మూడు పనులు రాసి ఉంచండి.

క: 1/2 + 1/3 = 2/5
గ: 1/2 + 1/3 = 1/6 + 1/6 = 2/6
చ: 1/2 + 1/3 = 3/6 + 2/6 = 5/6

పేర్లు వద్దు. చీటీలో ఉన్నది ఉన్నట్టు దించినా అది ఎవరిదో తెలియకూడదు. మీ తరగతిలో ఎవరూ చేయని తప్పును సృష్టించి మాత్రం పెట్టకండి, రెండు తప్పులకు మించి కూడా పెట్టకండి. మూడో తప్పు చేరితే చర్చ పలచబడిపోతుంది. ఏది తప్పు అని అడగొద్దు. ‘క ఏమనుకుని ఇలా రాసి ఉంటారు? గ ఏమనుకుని?’ అని అడగండి. ఈ అడిగే తీరులోనే తేడా ఉంది. ఏది తప్పు అంటే ఐదుగురు చేతులెత్తి, మిగతా 33 మంది వాళ్ల వైపు చూస్తారు. ఏమనుకుని అంటే 2/5 రాసిన పిల్లవాడే అందరికన్నా బాగా చెప్పగలడు, తన పరువు పోకుండా.

మొదటి మూడు నిమిషాలు ఎవరి నోటు పుస్తకంలో వాళ్లు, ఎవరితోనూ మాట్లాడకుండా, తాము ఎవరి పక్షమో రాయాలి. ఇది తప్పించకండి. రాయకముందే చర్చ మొదలైతే తరగతిలో బాగా చదివే పిల్ల ఏమంటే అదే అందరి అభిప్రాయం అవుతుంది. ఆ తర్వాత బెంచీలో పక్కవాళ్లతో ఐదు నిమిషాలు. అప్పుడు మీరు తిరుగుతూ వినండి, సరిదిద్దకండి. తర్వాత ఎవరిని ముందు పిలవాలో, ఎవరిని చివరకు ఉంచాలో తేల్చుకునేది ఇక్కడే.

అందరి ముందు చర్చ మొదలవగానే ఎవరో ఒకరు ‘క.సా.గు. తీయాలి సార్, చ కరెక్టు’ అంటారు. నిజమే గానీ దాన్ని ఒప్పుకున్న క్షణమే చర్చ ముగుస్తుంది. ‘సరే, క.సా.గు. అన్న మాట వాడకుండా క కి అర్థమయ్యేలా చెప్పు’ అనండి. చాలాసార్లు ఆ పిల్ల ఆగిపోతుంది. అలా ఆగడం మంచిదే, మిగతావాళ్లకు చోటు దొరికింది. ఇంకో జాగ్రత్త: ‘అవునా? ఖాయమా?’ అని తప్పు చెప్పినప్పుడే అడిగే అలవాటు మనందరికీ ఉంది. రెండు రోజుల్లో పిల్లలు దాన్ని పట్టేస్తారు. ఒప్పు చెప్పినా ‘ఎందుకు?’ అని అదే గొంతుతో అడగండి. అడిగాక మనసులో ఐదు దాకా లెక్కపెట్టి అప్పుడు నోరు తెరవండి.

ఇప్పుడు సంచి లెక్క తీయండి. అరకిలో, పావుకిలో కలిపితే ఎంత? తరగతంతా ముప్పావు అంటుంది. బోర్డు మీద 1/2 + 1/4 = 3/4 అని రాయండి. ‘క పద్ధతిలో చేస్తే ఎంత వస్తుంది?’ అనండి. 2/6. ‘2/6 కిలో అరకిలో కన్నా ఎక్కువా, తక్కువా?’ ఆరులో సగం మూడు, ఇక్కడున్నవి రెండే, అంటే అరకిలో కన్నా తక్కువ. అరకిలో ఉల్లిపాయలున్న సంచిలో ఇంకో పావుకిలో టమాటాలు వేస్తే బరువు తగ్గింది! ఇది వాళ్ల నోటి నుంచే రావాలి. ఆ తర్వాతే వెనక్కి వచ్చి 2/5ను సగంతో పోల్చమనండి. ఐదులో సగం రెండున్నర, రెండు దానికన్నా తక్కువ. సగానికి మూడోవంతు కలిపితే సగం కన్నా తక్కువ వచ్చింది.

1/2 + 1/2 = 2/4 అని చూపిస్తే ఇంకా తొందరగా తేలిపోదా అనిపిస్తుంది. తేలదు. హారాలు ఒకటే అయితే కూడకూడదు అన్న నియమం పిల్లలకు ముందే వచ్చు కాబట్టి ‘అది వేరే సార్, అక్కడ కిందివి ఒకటే’ అని తప్పించుకుంటారు. విజాతి భిన్నాలే కావాలి, జవాబు ఇంటి నుంచి తెలిసినదే అయి ఉండాలి. అరా పావూ అందుకే.

ఈ పాఠానికి ఒక మంచి ఆసరా ఉంది, మీకు తెలిసి ఉంటే చాలు, పిల్లలకు చెప్పక్కర్లేదు. పైవి పైవి, కిందివి కిందివి కూడితే వచ్చే భిన్నం ఎప్పుడూ ఆ రెండు భిన్నాల మధ్యే పడుతుంది. 2/5 అనేది 1/3కీ 1/2కీ మధ్య ఉంటుంది. 2/3 + 1/4 ను అలా కూడితే వచ్చే 3/7 కూడా 1/4కీ 2/3కీ మధ్యనే. అంటే క పద్ధతిలో వచ్చే జవాబు రెండింటిలో పెద్దదాని కన్నా ఎప్పుడూ చిన్నదే (రెండూ సమానమైతే దానికి సమానం). కాబట్టి పిల్లలు ఏ లెక్క ఎత్తుకున్నా ‘కలిపితే తగ్గింది’ అన్న చిక్కు మీకు దొరికి తీరుతుంది. అంకెలు వెతుక్కోవాల్సిన పని లేదు.

చాలామంది ఇక్కడే ఆపేస్తారు, అయిపోయిందనుకుంటారు. కాలేదు. క పద్ధతి తప్పని తేలింది గానీ ఎందుకు తప్పో తేలలేదు. ఇప్పుడు బొమ్మ గీయమనండి. ఇక్కడ ఒక వింత జరుగుతుంది: బొమ్మ క నే సమర్థిస్తుంది. ఒక పట్టీ గీసి రెండు భాగాలు చేసి ఒకటి షేడ్ చేస్తారు. పక్కన అంతే పొడవున్న ఇంకో పట్టీ గీసి మూడు భాగాలు చేసి ఒకటి షేడ్ చేస్తారు. మొత్తం ఐదు ముక్కలు, రెండు షేడ్ అయ్యాయి. ‘చూడండి సార్, 2/5.’ ఎవరూ గీయకపోతే మీరే క తరఫు వకీలుగా నిలబడి గీయండి. బొమ్మ గీస్తే అర్థమవుతుందని మనం అంటుంటాం గానీ, ఈ లెక్కలో బొమ్మే తప్పుకు కొత్త ప్రాణం పోస్తుంది.

దీనికి తోడుగా తెలివైన పిల్ల ఒకతె మార్కుల మాట ఎత్తుతుంది. ఒక టెస్టులో రెండు ప్రశ్నల్లో ఒకటి ఒప్పయింది, ఇంకో టెస్టులో మూడింట్లో ఒకటి ఒప్పయింది. మొత్తం ఐదింట్లో రెండు ఒప్పు, 2/5. ఇది నూటికి నూరు శాతం సరైన లెక్క. టీచరు ఇక్కడ తడబడి ‘అది వేరే, ఇది వేరే’ అని దాటేస్తే ఇందాక సంచితో సాధించినదంతా పోతుంది. అందుకే ఈ భాగానికి పది నిమిషాలు ముందే పక్కన పెట్టుకోండి. ఎవరూ ఎత్తకపోతే మీరే ఎత్తండి.

బోర్డు మీద రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టండి. ఎడమవైపు మార్కుల బొమ్మ: ఒక్కో ప్రశ్నకు ఒక గడి, గడులన్నీ ఒకే సైజు. రెండు గడుల పట్టీ ఒకటి, మూడు గడుల పట్టీ ఒకటి. మూడు గడుల పట్టీ సహజంగానే పొడుగ్గా ఉంటుంది. రెండూ అతికిస్తే ఐదు సమాన గడుల పట్టీ, అందులో రెండు షేడ్ అయ్యాయి. కుడివైపు పిల్లలు గీసిన బొమ్మ: రెండు పట్టీలూ ఒకే పొడవు, ముక్కలు మాత్రం వేర్వేరు సైజులు. ఒక్కటే ప్రశ్న అడగండి: ఎడమవైపు ఏది సమానంగా ఉంది, కుడివైపు ఏది సమానంగా ఉంది?

జవాబు వాళ్లే చెబుతారు. మార్కుల్లో ముక్క సమానం, మొత్తం వేరు. భిన్నాల కూడికలో మొత్తం సమానం, ముక్క వేరు. అరకిలో, పావుకిలో అన్నప్పుడు రెండు చోట్లా కిలో అదే కిలో. అది మారదు. మార్కుల్లో ఒక మొత్తం రెండు ప్రశ్నలది, ఇంకోటి మూడు ప్రశ్నలది, కలిపాక మొత్తం ఐదు ప్రశ్నలది అయింది. మొత్తమే మారిపోయింది. క చేసిన పని అర్థంలేనిది కాదని, వేరే ప్రశ్నకు సరైన జవాబని పిల్లలకు ఇక్కడ తెలుస్తుంది. ఇది తెలిసిన పిల్లవాడు ఆ పద్ధతిని వదిలేయగలడు. ఉత్తినే తప్పు అనిపించుకున్నవాడు దాచుకుంటాడు.

ఇంకా ఒకరిద్దరు ఒప్పుకోరు: ‘రెండు పట్టీల్లో కలిపి చూస్తే 2/5 కదా?’ అంటారు. మంచి ప్రశ్న. అదీ కాదు. ఐదో వంతు అనాలంటే ఐదు ముక్కలూ సమానంగా ఉండాలి, ఇక్కడ లేవు. లెక్కతోనే చూపడానికి గళ్ల నోటు పుస్తకం తీయించండి. 12 గళ్ల పట్టీ గీస్తే దాని సగం 6 గళ్లు, మూడోవంతు 4 గళ్లు. రెండు పట్టీలు కలిపితే 24 గళ్లు, షేడ్ అయినవి 10. 24లో 2/5 అంటే 9.6 గళ్లు. దగ్గరగా ఉంది గానీ అది కాదు. రెండు పట్టీల్లో అసలు భాగం 10/24, అంటే 5/12.

గళ్ల పుస్తకం తీశారు కాబట్టి అసలు కూడిక కూడా దాని మీదే చేయించండి. ఈసారి ఒక్కటే పట్టీ, 12 గళ్లు. సగాన్ని ఎడమ చివర నుంచి 6 గళ్లు షేడ్ చేయాలి, అది ఆగినచోటి నుంచి మూడోవంతు అంటే ఇంకో 4 గళ్లు. రెండో పట్టీ గీయనివ్వకండి. మొత్తం ఒకటేనన్న సంగతి పట్టీ ఒకటే అయినప్పుడే కంటికి కనిపిస్తుంది. 10 గళ్లు నిండాయి, 10/12. చ రాసింది 5/6. రెండూ ఒకటేనా అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. గళ్లను రెండేసి కట్టలు కడితే ఆరు కట్టల్లో ఐదు నిండాయని చూసుకుంటారు. నేరుగా 6 గళ్ల పట్టీ ఇస్తే పని తొందరగా అవుతుంది గానీ ఈ మాట రాదు. అందుకే 12 మేలు, పైగా పావు కూడా 3 గళ్లతో పూర్తిగా పడుతుంది.

గ ని మరిచిపోకండి. చర్చంతా క చుట్టూ తిరిగి గ అలాగే మిగిలిపోవడం మామూలు. అదే పట్టీ మీద అడగండి: ‘గ 1/2కు బదులు 1/6 రాశారు. 1/2 అంటే మన పట్టీలో 6 గళ్లు. 1/6 అంటే?’ 2 గళ్లు. ‘మిగతా 4 గళ్లు ఎటు పోయాయి?’ ముక్కను మూడోవంతు సైజుకు కోస్తే ముక్కలు మూడు రెట్లు కావాలి, అప్పుడే ఉన్నది ఉన్నట్టుంటుంది. 1/2 = 3/6 అన్న సమాన భిన్నం మాట గ రాసినవాళ్లకు అప్పుడు పనికొస్తుంది. వీళ్లకు ఇది రెండు నిమిషాల పని. క రాసినవాళ్లకు పట్టినంత పట్టదు.

ఇంకా అర్థం కానివాళ్లకు గట్టి ఉదాహరణ కావాలంటే నాణేలు తీసుకోండి. ఒక ఐదు రూపాయల నాణెం, ఒక రెండు రూపాయల నాణెం చేతిలో ఉన్నాయి. రెండు ఏడు రూపాయల నాణేలున్నాయని అంటామా? లెక్కనూ కూడి, పేరునూ కూడితే అలా తయారవుతుంది. రెండింటినీ రూపాయి నాణేలుగా మార్చుకుంటే ఏడు రూపాయి నాణేలు. రూపాయి నాణెం చేసిన పనే ఇక్కడ ఆరోవంతు చేస్తోంది. పొద్దున ‘బై’ పక్కన పెట్టి ‘ఒక సగం, ఒక మూడోవంతు’ అని చదివించింది ఇందుకే. రెండు సగమూడోవంతులు అని ఎవరైనా నవ్వుతూ అంటే పాఠం దారిలో ఉందని లెక్క. మామిడికాయలూ నిమ్మకాయలూ కూడలేం అన్న పోలిక మాత్రం వాడకండి. వాటిని ఒకే ముక్కగా మార్చే దారి ఉండదు కాబట్టి, విజాతి భిన్నాలను అసలు కూడనే కూడదన్న అర్థం మిగులుతుంది.

మీ భయం సంగతి. బోర్డు మీద రాసిన తప్పు బుర్రలో ఉండిపోయే ప్రమాదం ఒక్క సందర్భంలో నిజం: చర్చ రసపట్టులో ఉండగా బెల్లు కొట్టి, క, గ, చ మూడూ బోర్డు మీద అలాగే మిగిలిపోయినప్పుడు. మర్నాటికి సగం మందికి ఎవరు గెలిచారో గుర్తుండదు. కాబట్టి చివరి ఎనిమిది నిమిషాలు దేనికీ వదులుకోకండి. చర్చ సగంలో ఉన్నా సరే ఆపండి. బోర్డు మీద క ని చెరిపేయకుండా అడ్డంగా ఒక గీత కొట్టి, పక్కన పిల్లలు చెప్పిన కారణాన్ని వాళ్ల మాటల్లోనే రాయండి: ‘కలిపితే సగం కన్నా తగ్గింది. ముక్కలు వేరు సైజులు, ఐదో వంతులు కావు.’ గ పక్కన: ‘ముక్క చిన్నదైంది, ముక్కల లెక్క పెరగలేదు.’ పిల్లలు ఆ మూడు లెక్కలనూ గీతలతో, కారణాలతో సహా నోటు పుస్తకంలో దించుకోవాలి. తప్పు ఒక్కటే ఉంటే గుర్తుండిపోతుంది. తప్పు, దాన్ని పడగొట్టిన కారణం జంటగా ఉంటే గుర్తుకొచ్చేది జంటే.

ఆఖరి మూడు నిమిషాల్లో ఒక చీటీ. 1/2 + 1/3 మళ్లీ అడగొద్దు, దాని జవాబు ఇప్పుడు అందరికీ కంఠతా వచ్చు. 3/4 + 1/2 ఇచ్చి, ‘ఒకరు 4/6 అన్నారు. లెక్క చేయకుండానే అది కాదని ఎలా చెబుతావు?’ అని అడగండి. 4/6 అంటే రెండు మూడోవంతులు, ముప్పావు కన్నా తక్కువ. అంతదూరం వెళ్లక్కర్లేదు కూడా, ముప్పావుకు అర కలిపితే ఒకటి దాటాలి, 4/6 ఒకటి దాటలేదు అన్నా చాలు. క.సా.గు. తీసి 5/4 అని మాత్రం రాసినవాళ్లను ఇంకా పాత చూపులోనే ఉన్నవాళ్లుగా లెక్కేసుకోండి. అడిగింది వాళ్లు చెప్పలేదు.

ఈ పాఠం నడవని తరగతులు ఉంటాయి. 2/5 సగం కన్నా చిన్నదని పిల్లలకు తెలియకపోతే సంచి లెక్క దగ్గర ఎవరికీ ఆశ్చర్యం కలగదు. పైగా ‘5 పెద్దది కాబట్టి 2/5 పెద్దది’ అంటారు. ముందు రోజు చీటీలో దీన్ని పట్టుకోవాలంటే ‘2/5, 1/2లో ఏది పెద్దది, ఎందుకు’ అని నాలుగో ప్రశ్నగా వేయండి. పది మందికి మించి తప్పితే కూడిక పాఠం వాయిదా వేసి, ఒక పీరియడ్ సగంతో పోల్చడం మీద పెట్టండి. 3/8, 4/7, 5/10, 6/11 లాంటివి ఇచ్చి హారంలో సగమెంత, లవం దాన్ని దాటిందా లేదా అన్నది ఒక్కటే చూడమనండి. దశాంశాలు, సంఖ్యారేఖ ఏవీ అప్పుడే వద్దు.

రెండు మూడు వారాల తర్వాత ఒకే చీటీ మీద 1/2 + 1/3, 1/2 × 1/3 రెండూ పక్కపక్కన ఇవ్వండి. గుణకారం వచ్చాక తప్పు తిరిగి లేస్తుందని మొదట చెప్పింది ఇక్కడ తేలుతుంది. రెండింటికీ అదే 12 గళ్ల పట్టీ గీయమనండి. గుణకారానికి మూడోవంతు తీసి, అందులో సగం తీయాలి: 4 గళ్లలో 2 గళ్లు, అంటే 12లో 2, 1/6. ఇక్కడ ఒక ముక్కనే మళ్లీ ముక్కలు చేశాం, అందుకే కిందివి గుణించడానికి అర్థం ఉంది. కూడికలో ఏ ముక్కనూ పోగొట్టుకోకుండా పక్కపక్కన పేర్చాం. 1/6 అరకన్నా తగ్గినందుకు ఒకరిద్దరు ‘ఇది కూడా తప్పేనా సార్, తగ్గింది కదా?’ అంటారు. పోయినసారి తగ్గడాన్నే తప్పుకు గుర్తుగా పట్టుకున్నాం కాబట్టి వాళ్లు అడిగింది న్యాయమే. తర్వాతి పాఠం ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టండి.